ఫిర్యాదుకు ముందు పోయిన డబ్బు, తర్వాత పోయిన డబ్బు: గుంటూరు కేసు ఒకటి

ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు పోయిన మొత్తాన్ని ఒకే ముద్దగా చెబుతారు. "నాలుగు లక్షలు పోయాయండీ, బ్యాంకు ఇస్తుందా ఇవ్వదా?" బ్యాంకు కూడా అదే పద్ధతిలో జవాబిస్తుంది: "ఓటీపీ మీ ఫోన్‌కే వచ్చింది, మాకు సంబంధం లేదు." కేసు చేతికొచ్చాక నేను మొదట చేసే పని ఆ ముద్దను విడగొట్టడం. ఏ లావాదేవీ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు జరిగింది, కస్టమర్ బ్యాంకుకు చెప్పింది ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు అన్నది ఒక తెల్లకాగితం మీద రాసుకుంటాను. బ్యాంకు ఎంతకు బాధ్యురాలో చాలా కేసుల్లో ఆ కాగితమే తేలుస్తుంది. ఈ కేసులో అదే జరిగింది. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను, బ్యాంకు పేరు చెప్పడం లేదు.

కక్షిదారు ప్రత్తిపాడు వైపు రైతు. అరవై దాటిన మనిషి. 2023 మార్చిలో యార్డులో మిర్చి టిక్కీలు అమ్మితే కమిషన్ ఏజెంటు డబ్బును ఆయన సేవింగ్స్ ఖాతాలో వేశాడు. ఆ నెల రెండో శనివారం సాయంత్రం, అంటే బ్యాంకుకు సెలవు రోజున, బ్యాంకు నుంచి అంటూ ఫోన్ వచ్చింది. కేవైసీ లేకపోతే ఖాతా రాత్రికి ఆగిపోతుందన్నారు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపారు. తెర మీద బ్యాంకు గుర్తు, పక్కన KYC Update.apk అన్న పేరు. ఆయన దాన్ని వేసుకున్నాడు. అది అడిగిన అనుమతులన్నిటికీ సరే అన్నాడు. అందులో మెసేజీలు చదివే అనుమతి కూడా ఉంది. తర్వాత వచ్చిన పేజీలో డెబిట్ కార్డు నంబరు, గడువు తేదీ, ఏటీఎం పిన్ నింపాడు.

"ఓటీపీ మాత్రం నేను ఎవరికీ చెప్పలేదండీ బాబూ" అని మొదటిరోజే చెప్పాడు. నిజమే, చెప్పాల్సిన అవసరం రాలేదు. ఫోన్‌కు వచ్చిన మెసేజీని ఆ యాప్ అవతలివాళ్లకు పంపించేసింది. చాలా బ్యాంకుల్లో కార్డు నంబరు, పిన్, ఓటీపీ ఉంటే నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డును ఇంట్లో కూర్చునే మార్చుకోవచ్చు. ఈ మోసం నడిచేదే ఆ దారిలో.

ఆ సాయంత్రం, నిమిషాల లెక్కన

బ్యాంకు లాగ్‌లు, ఫోన్‌లోని మెసేజీలు, కాల్ లిస్టు పక్కపక్కన పెట్టుకుంటే తేలింది ఇది.

7:16 – యాప్‌లో కార్డు వివరాలు, పిన్ ఎక్కించాడు.
7:41 – నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు మారింది.
7:53 – కొత్త బెనిఫిషియరీని చేర్చారు. వేరే రాష్ట్రంలో, వేరే బ్యాంకు ఖాతా.
7:58 – ఐఎంపీఎస్‌లో రూ.1,00,000 వెళ్లింది.
8:04 – రూ.95,000 వెళ్లింది.
8:10 – రైతు బ్యాంకు టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాడు. కాల్ 14 నిమిషాలు.
8:21 – కార్డు బ్లాక్ చేశామని బ్యాంకు నుంచి మెసేజీ, అందులో ఫిర్యాదు నంబరు.
8:36 – నెట్ బ్యాంకింగ్ రోజువారీ పరిమితి 2 లక్షల నుంచి 5 లక్షలకు పెరిగింది.
8:41 – రూ.1,40,000 వెళ్లింది.
8:47 – రూ.85,000 వెళ్లింది.
9:05 – కొడుకు వచ్చి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు.

మొత్తం రూ.4,20,000. కార్డు బ్లాక్ చేశారు, నెట్ బ్యాంకింగ్ మాత్రం తెరిచే ఉంచారు. డబ్బు వెళ్తున్నది కార్డు మీద కాదు. ముందు తలుపుకు తాళం వేసి దొడ్డితలుపు బార్లా తీసిపెట్టినట్టయింది.

సోమవారం పొద్దున తండ్రీకొడుకులు బ్రాంచికి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చారు. మేనేజరు గారు కాగితం తీసుకుని ముద్ర వేశారు కానీ, "మీరే ఎవరికో ఓటీపీ చెప్పి ఉంటారు, పోలీసులు చూసుకుంటారు" అన్నారు. పోలీస్ స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ అయింది. నాలుగు నెలలకు బ్యాంకు నుంచి ఒక పేరా ఉత్తరం వచ్చింది: లావాదేవీలన్నీ సరైన పాస్‌వర్డు, ఓటీపీలతో జరిగాయి కాబట్టి బ్యాంకు బాధ్యత లేదు. ఆ ఉత్తరం పట్టుకుని మా ఆఫీసుకు వచ్చారు. మేం గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేశాం.

ఆర్‌బీఐ సర్క్యులర్ ఏమంటుంది

ఈ కేసుకు ఆధారం 2017 జూలై 6న రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్. కస్టమర్ అనుమతి లేకుండా జరిగిన ఎలక్ట్రానిక్ లావాదేవీల్లో ఎవరి బాధ్యత ఎంతో అది చెబుతుంది. సహకార బ్యాంకులకు అదే ఏడాది డిసెంబరులో విడిగా ఇచ్చారు. ఆర్‌బీఐ ఈ నిబంధనలను మారుస్తూ ఉంటుంది కాబట్టి ఎవరైనా తమ లావాదేవీ జరిగిన తేదీకి ఏది అమలులో ఉందో అదే చూసుకోవాలి. మా కేసుకు 2017 నాటిదే వర్తిస్తుంది.

దాన్ని మామూలు మాటల్లో చెప్పుకుంటే ఇలా ఉంటుంది. తప్పు బ్యాంకుదైతే, అంటే బ్యాంకు నిర్లక్ష్యమో, వ్యవస్థలో లోపమో ఉంటే, కస్టమర్ ఒక్క రూపాయి కూడా భరించనక్కర్లేదు. ఎప్పుడు ఫిర్యాదు చేశాడన్నది కూడా అడ్డు రాదు. తప్పు బ్యాంకుదీ కస్టమర్‌దీ కాకుండా మధ్యలో ఇంకెక్కడో ఉంటే, లావాదేవీ గురించి బ్యాంకు నుంచి సమాచారం అందిన మూడు పని దినాల్లో చెప్పినవాడికి నష్టం ఉండదు. నాలుగు నుంచి ఏడు పని దినాల్లో చెబితే మామూలు సేవింగ్స్ ఖాతాకు ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా రూ.10,000 వరకు పడుతుంది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పెట్టుకున్న పాలసీ ప్రకారం. మెసేజీ అందిన రోజును ఈ లెక్కలో కలపరు. చాలామంది ఆదివారాలు, సెలవులు కలిపి లెక్కేసుకుని గడువు దాటిపోయిందని వదిలేస్తుంటారు. లెక్కించేది పని దినాలనే.

ఇక తప్పు కస్టమర్‌దైతే, అంటే పిన్, పాస్‌వర్డు లాంటివి తానే ఇచ్చేస్తే, బ్యాంకుకు చెప్పేంతవరకు జరిగిన నష్టమంతా అతనిదే. కానీ ఆ వాక్యం పక్కనే ఇంకో వాక్యం ఉంది: చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకు భరించాలి. బ్యాంకుల జవాబుల్లో మొదటి వాక్యమే కనిపిస్తుంది. రెండోది కస్టమరే గుర్తు చేయాలి.

అంతకన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. కస్టమర్‌దే తప్పని రుజువు చేసే భారం బ్యాంకు మీద ఉంది. "ఓటీపీ సరిపోయింది" అన్నంత మాత్రాన ఆ భారం తీరదు. సరైన ఓటీపీ పడిందని లాగ్ చూపిస్తుంది, దాన్ని ఎవరు కొట్టారో చూపించదు.

మూడు ముక్కలు

పోయిన 4,20,000ను మేం మూడు ముక్కలుగా పెట్టాం.

చివరి ముక్క తేలికైనది. 8:41, 8:47లకు వెళ్లిన రూ.2,25,000 ఫిర్యాదు తర్వాత జరిగినవి. రైతు ఎంత నిర్లక్ష్యంగా ఉన్నాడనుకున్నా ఈ మొత్తం బ్యాంకుదే. ఇందులో వాదించాల్సింది ఒక్కటే, కాల్ ముగిసిన 8:24కల్లా బ్యాంకుకు నిజంగా తెలిసిందా అన్నది.

బ్యాంకు తన కౌంటరులో, అంటే కమిషన్‌కు ఇచ్చిన రాతపూర్వక జవాబులో, రెండు మాటలు అంది. ఫిర్యాదు వచ్చింది సోమవారమేనని ఒకటి. శనివారం కాల్ వచ్చినా ఆయన కార్డు బ్లాక్ చేయమని మాత్రమే అడిగాడని రెండోది. మొదటి మాట 8:21 నాటి మెసేజీ ముందు నిలబడలేదు. ఎవరూ ఏమీ చెప్పకపోతే సెలవు రోజు రాత్రి బ్యాంకు దానంతటదే కార్డు ఎందుకు బ్లాక్ చేస్తుంది? పైగా ఫిర్యాదు అందినట్టు నంబరుతో వెంటనే జవాబు వెళ్లాలని, ఆ సమాచారాల తేదీ, సమయం బ్యాంకు వ్యవస్థలో నమోదై ఉండాలని సర్క్యులరే చెబుతుంది. కస్టమర్ బాధ్యత ఎంతో తేల్చడానికి ఆ సమయమే కీలకమని కూడా అందులో రాసి ఉంది.

రెండో మాటకు జవాబు కాల్ రికార్డింగులో ఉంది. "నా ఖాతాలో డబ్బులు పోతున్నాయమ్మా, ఆపండి" అన్నానని రైతు అఫిడవిట్‌లో చెప్పాడు. బ్యాంకు ఉత్తరం చూసిన వారంలోనే మేం లీగల్ నోటీసు పంపాం. ఆ నోటీసులో నష్టపరిహారం కంటే ముందు రాసింది ఇదే: ఫలానా తేదీ ఫలానా నంబరు నుంచి వచ్చిన కాల్ రికార్డింగు, నెట్ బ్యాంకింగ్ లాగ్‌లు చెరిపేయకుండా భద్రపరచండి. కేసు నడుస్తుండగా వాటిని తెప్పించమని పిటిషన్ వేశాం. పత్రాలు తెప్పించే విషయంలో వినియోగదారుల కమిషన్‌కు సివిల్ కోర్టుకున్న అధికారమే ఉంది, 2019 చట్టం 38వ సెక్షన్‌లో. లాగ్‌లు వచ్చాయి. రికార్డింగు రాలేదు. ఆరు నెలలు దాటితే రికార్డింగులు పోతాయని బ్యాంకు అధికారి అఫిడవిట్ వేశారు. నోటీసు అందేనాటికి ఆరు నెలలు కాలేదు. అడిగిన తర్వాత చెరిగిపోయిన రికార్డింగు బ్యాంకుకు అనుకూలంగా ఉండేదని కమిషన్ ఎలా అనుకుంటుంది? రైతు మాటే నమ్మింది.

8:10 నుంచి 8:24 మధ్యలో ఏ నిమిషాన్ని ఫిర్యాదు సమయంగా తీసుకోవాలన్న ప్రశ్న ఈ కేసులో రాలేదు. ఆ మధ్యలో డబ్బు పోలేదు. ఇంకో కేసులో రావచ్చు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటూ యంత్రం తిప్పుతున్న సమయంలో డబ్బు పోతే, కాల్ కలిసిన క్షణాన్నే ఫిర్యాదుగా తీసుకోవాలన్నది నా అభిప్రాయం. 24 గంటలూ ఫిర్యాదు చేసే వీలు కల్పించాల్సింది బ్యాంకే కాబట్టి.

మధ్య ముక్క 8:04కు వెళ్లిన రూ.95,000. ఇది ఫిర్యాదుకు ముందు జరిగింది. పైపైన చూస్తే ఈ నష్టం రైతు మీదే పడాలి. ఇక్కడే బ్యాంకు వెబ్‌సైటు పనికొచ్చింది. కొత్తగా చేర్చిన బెనిఫిషియరీకి మొదటి 24 గంటల్లో లక్ష రూపాయలకు మించి వెళ్లదని ఆ బ్యాంకు తన భద్రతా నిబంధనల పేజీలో రాసుకుంది. 7:58కి వెళ్లిన లక్షతోనే ఆ హద్దు అయిపోయింది. ఆరు నిమిషాల తర్వాత అదే ఖాతాకు ఇంకో 95,000 ఎలా వెళ్లింది?

ఆ హద్దు మొబైల్ యాప్‌కేనని, నెట్ బ్యాంకింగ్‌కు వర్తించదని బ్యాంకు చెప్పింది. పేజీలో ఆ తేడా ఎక్కడా లేదు. మేం ఆ పేజీని తేదీ కనిపించేలా ప్రింటు తీసి, దాన్ని తీసిన మనిషి సర్టిఫికెట్‌తో దాఖలు చేశాం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఆ సర్టిఫికెట్ లేకపోతే అవతలి లాయరు మొదట పట్టుకునేది దాన్నే. దీనితోపాటు 2013 ఫిబ్రవరి 28 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ కూడా చూపించాం. ఒకే బెనిఫిషియరీకి వరసగా జరిగే లావాదేవీల మీద కన్నేసి ఉంచే ఏర్పాటు, అనుమానం వస్తే హెచ్చరించే ఏర్పాటు బ్యాంకులు పెట్టుకోవాలని అందులో ఉంది.

వాదన ఇది. పాస్‌వర్డు పోవడంలో రైతు తప్పు ఉండవచ్చు. కానీ పాస్‌వర్డు దొంగ చేతికి చిక్కినా నష్టం లక్ష దాటకుండా ఉండటానికే బ్యాంకు ఆ హద్దు పెట్టింది. ఆ హద్దు పనిచేయకపోవడం రైతు తప్పు కాదు, అది బ్యాంకు వ్యవస్థలో లోపం. లోపం బ్యాంకుదైనప్పుడు ఫిర్యాదు ముందా వెనకా అన్న లెక్క లేదు. కమిషన్ దీన్ని ఒప్పుకుంది.

మొదటి ముక్క 7:58కి వెళ్లిన లక్ష. దీనికి స్టేట్ బ్యాంకు, పల్లబ్ భౌమిక్ కేసును చూపించాం. అక్కడ గువాహటి హైకోర్టు కస్టమర్‌కు అనుకూలంగా ఇచ్చిన తీర్పు మీద బ్యాంకు సుప్రీంకోర్టుకు వెళ్తే 2025 జనవరి 3న కొట్టేశారు. అందులోనూ కస్టమర్ మోసగాడు చెప్పిన యాప్ వేసుకున్నాడు, రూ.94,204 పోయింది, 24 గంటల్లోపే చెప్పాడు. ఇలాంటి మోసాలను పసిగట్టి ఆపడానికి బ్యాంకులు అందుబాటులో ఉన్న సాంకేతికతను వాడాలని సుప్రీంకోర్టు అంది. అదే ఉత్తర్వులో ఖాతాదారులు కూడా జాగ్రత్తగా ఉండాలి, ఓటీపీలు ఎవరికీ ఇవ్వకూడదు అని కూడా అంది. బ్యాంకు లాయరు ఆ రెండో మాటను పట్టుకున్నారు. మా రైతు పిన్‌ను తన చేత్తో కొట్టానని క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఒప్పుకున్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు, చెప్పమని నేనూ అనను. ఆ లక్ష మాకు రాలేదు. రాకపోవడం సర్క్యులర్ ప్రకారం సరైనదేనని నా అభిప్రాయం.

కమిషన్ దీన్ని విచారించవచ్చా

ఈ అభ్యంతరం ఇప్పుడు ప్రతి కౌంటరులోనూ వస్తోంది. సిటీ యూనియన్ బ్యాంకు, ఆర్.చంద్రమోహన్ కేసులో 2023 మార్చిలో సుప్రీంకోర్టు ఒక మాట అంది. కమిషన్ల విచారణ క్లుప్తమైనది, మోసం, వంచన లాంటి నేరాలతో ముడిపడ్డ, బాగా వివాదం ఉన్న విషయాలను అక్కడ తేల్చకూడదు అని. బ్యాంకు దాన్ని చూపించి సివిల్ కోర్టుకు పొమ్మంది.

దీనికి జవాబు ఫిర్యాదు రాసేటప్పుడే సిద్ధం చేసుకోవాలి. మోసగాడు ఎవరు, వాడికి లోపలివాళ్లు సాయం చేశారా అని రాశారా, కేసు ఆ తీర్పులోకి పోయి పడుతుంది. మేం ఫిర్యాదులో బ్యాంకు సిబ్బంది మీద కుమ్మక్కు ఆరోపణ ఒక్కటి కూడా చేయలేదు. రైతు కొడుక్కి అది నచ్చలేదు, "వాళ్లలో వాళ్లకు తెలియకుండా జరుగుద్దా సార్?" అని కోప్పడ్డాడు. మేం అడిగింది రెండే. 8:24 తర్వాత నెట్ బ్యాంకింగ్ ఎందుకు ఆపలేదు? లక్ష హద్దు ఎందుకు పనిచేయలేదు? రెండూ బ్యాంకు తన సొంత రికార్డుతో జవాబు చెప్పాల్సిన ప్రశ్నలు. ఇందులో నేరాన్ని తేల్చాల్సింది ఏమీ లేదని కమిషన్ అంది.

బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఎందుకు వెళ్లలేదని అడుగుతారు. అక్కడ ఖర్చు లేదు. బ్యాంకుకు ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు చూశాక వెళ్లవచ్చు. లెక్క స్పష్టంగా కాగితం మీద ఉన్న కేసుకు నేను అక్కడికే పంపుతాను. ఇక్కడ లాగ్‌లు తెప్పించాలి, ఎదుటి సాక్షిని ప్రశ్నలు అడగాలి, అందుకే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఎంచుకున్నాం. కోర్టులోనో కమిషన్‌లోనో పెండింగులో ఉన్న విషయాన్ని అంబుడ్స్‌మన్ తీసుకోరు కాబట్టి ఏ దారి అన్నది ముందే తేల్చుకోవాలి. కమిషన్‌కు రెండేళ్ల గడువు.

ఉత్తర్వు, ఆ తర్వాత

రూ.2,25,000, రూ.95,000 కలిపి 3,20,000కు బ్యాంకు బాధ్యురాలని ఉత్తర్వు వచ్చింది. ఇందులోంచి రూ.18,400 తీసేశారు. 1930 ఫిర్యాదుతో అవతలి ఖాతాలో ఆగిన డబ్బు అది. మేజిస్ట్రేటు కోర్టులో పిటిషన్ వేసి దాన్ని అప్పటికే రైతుకు ఇప్పించాం. ఆ 18,400ను ఆయన పోగొట్టుకున్న లక్షలో సర్దాలని అడిగాం. చివరి బదిలీ తాలూకు మిగులే అక్కడ ఆగిందని పోలీసుల లెక్కలో ఉండటంతో బ్యాంకు వాటాలోనే తగ్గించారు. అలా రూ.3,01,600, దాని మీద లావాదేవీ తేదీ నుంచి 7 శాతం వడ్డీ, మానసిక వేదనకు 25,000, ఖర్చులకు 10,000.

ఫిర్యాదు అందిన పది పని దినాల్లో వివాదంలో ఉన్న మొత్తాన్ని తాత్కాలికంగా ఖాతాలో జమ చేయాలని, 90 రోజుల్లో తేల్చాలని సర్క్యులర్‌లో ఉంది. ఈ బ్యాంకు జమా చేయలేదు, గడువులో తేల్చనూ లేదు. వేదన కింద వచ్చిన పాతిక వేలు ప్రధానంగా దీనికే. బ్యాంకులు ఆ తాత్కాలిక జమ అడగందే చేయవు. అందుకని బ్రాంచిలో ఇచ్చే మొదటి కాగితంలోనే సర్క్యులర్ తేదీ వేసి ఆ జమ అడగాలని చెబుతుంటాను.

రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు వెళ్లాలంటే 45 రోజుల్లో వేయాలి, ఉత్తర్వు మొత్తంలో సగం ముందు కట్టాలి. బ్యాంకు అప్పీలుకు వెళ్లకుండా డబ్బు జమ చేసింది.

మిగిలింది ఆ లక్ష. మోసగాడి ఖాతా తెరిచిన అవతలి బ్యాంకు మీద వేయలేమా అని కొడుకు అడిగాడు. మా రైతు ఆ బ్యాంకు కస్టమర్ కాదు, దాని నుంచి ఏ సేవా కొనుక్కోలేదు. అందుకే కమిషన్‌లో ఆ బ్యాంకును పార్టీగా చేర్చలేదు. కేవైసీ సరిగా చూడకుండా ఖాతా తెరిచారన్న వాదనతో ఐటీ చట్టం కింద రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి ముందు ఫిర్యాదు వేసే దారి ఉంది. అయిదు కోట్ల వరకు నష్టపరిహారం కోరే కేసులు ఆ అధికారి వినవచ్చు. అవతలి రాష్ట్రం నుంచి ఖాతా తెరిచిన కాగితాలు తెప్పించుకోవాలి, దానికి ఎంతకాలం పడుతుందో చెప్పలేనన్నాను. తండ్రి కాసేపు ఆలోచించి, "ఈసారి పంటకి పెట్టుబడి చూసుకోవాల, అది వదిలెయ్యండి లాయరు గారూ" అన్నాడు. ఎఫ్‌ఐఆర్ మాత్రం నడుస్తోంది.